శిఖరం, లోయ, ఊగిసలాట: లైవ్ ఈక్విటీ కర్వ్ లెక్కలు

ఒక ట్రేడింగ్ ఖాతా విలువ రోజులు గడిచేకొద్దీ ఎలా పెరిగిందో, ఎలా తరిగిందో చూపే రేఖే ఈక్విటీ కర్వ్. ఆర్డర్లు పెట్టే ప్రోగ్రామ్‌లోనే ఒక చిన్న రొటీన్ కూర్చుని, నిమిషానికోసారి ఖాతా విలువను సీఎస్‌వీ ఫైల్లో రాసుకుంటూ పోతే ఆ రేఖ దానంతటదే తయారవుతుంది. దాని నుంచి ముఖ్యంగా రెండు అంకెలు తీస్తారు. గరిష్ఠ డ్రాడౌన్, అంటే ఖాతా తన శిఖరం నుంచి ఎంత లోతుకు జారిందన్న లెక్క. షార్ప్ రేషియో, అంటే పడిన ఊగిసలాటకు తగ్గ రాబడి వచ్చిందా అన్న లెక్క. రెండింటి సూత్రాలూ నాలుగు లైన్లలో ఇమిడిపోతాయి. తప్పులు సూత్రాల్లో దొర్లడం అరుదు. రొటీన్ ఏ విలువను రాసింది, ఎంత సేపటికోసారి రాసింది, మధ్యలో వచ్చిపోయిన డబ్బును ఎలా పట్టించుకుంది అన్న చోటే లెక్క తలకిందులవుతుంది. ఒకే ఖాతా, ఒకే పది రోజులు, ఒకే సూత్రం ఉన్నా షార్ప్ ఒకరికి 1.6 వస్తే ఇంకొకరికి 5 దాటవచ్చు.

ముందుగా ఏ విలువ రాయాలో తేల్చుకోవాలి. ఆ క్షణాన ఉన్న పొజిషన్లన్నీ మార్కెట్ ధరకు మూసేస్తే, ఖర్చులు పోగా చేతికొచ్చే మొత్తమే ఈక్విటీ. బ్రోకర్ ఏపీఐ ఇచ్చే అంకెల్లో దీన్ని పోలినవి రెండు మూడు ఉంటాయి. వాటిలో ఒకటి అందుబాటులో ఉన్న మార్జిన్. పది లక్షల ఖాతాలో ఒక ఫ్యూచర్స్ లాట్ కొంటే లక్షన్నర బ్లాక్ అయిందనుకుందాం. అందుబాటులో ఉన్న మార్జిన్ వెంటనే ఎనిమిదిన్నర లక్షలకు దిగుతుంది. పైసా నష్టం రాలేదు, కానీ రొటీన్ ఈ అంకెను రాస్తుంటే రేఖ మీద 15 శాతం డ్రాడౌన్ పడిపోతుంది. పొజిషన్ తీసిన ప్రతిసారీ కింద పడి, మూసిన ప్రతిసారీ పైకి లేచే మెట్ల లాంటి రేఖ కనిపిస్తే కారణం దాదాపుగా ఇదే.

రెండోది లెడ్జర్‌లోని నగదు. ఆప్షన్ అమ్మేవాళ్లకు ఇది మరీ ప్రమాదం. ప్రీమియం అమ్మగానే ఖాతాలో జమవుతుంది, కానీ దాన్ని తిరిగి కొనాల్సిన బాధ్యత నగదులో కనిపించదు. పది లక్షల ఖాతాతో 30,000 రూపాయల ప్రీమియం వచ్చే ఆప్షన్ అమ్మారనుకుందాం. లెడ్జర్ 10,30,000 చూపిస్తుంది. మార్కెట్ ఎదురు తిరిగి ఆ ఆప్షన్ ఇప్పుడు 42,000 పలుకుతుంటే నిజమైన ఈక్విటీ 9,88,000. నగదును రాసిన రొటీన్‌కు ఇది 3 శాతం లాభం, ఈక్విటీని రాసినదానికి 1.2 శాతం నష్టం. మెటాట్రేడర్ వాడేవాళ్లు బ్యాలెన్స్, ఈక్విటీ అని రెండు అంకెలు పక్కపక్కనే చూస్తుంటారు. దాని స్ట్రాటజీ టెస్టర్ రిపోర్టు బ్యాలెన్స్ డ్రాడౌన్‌నూ ఈక్విటీ డ్రాడౌన్‌నూ విడివిడిగా ఇవ్వడానికి కారణం ఇదే. నష్టంలో ఉన్న పొజిషన్‌ను మూయకుండా, దాని మీద ఇంకా ఇంకా కొంటూ సగటు ధర దించే పద్ధతుల్లో బ్యాలెన్స్ రేఖ గీత గీసినట్టు నున్నగా పైకి పోతుంది. లోపల ఈక్విటీ మాత్రం సగానికి పడి ఉండవచ్చు. డ్రాడౌన్ అడిగినప్పుడు బ్యాలెన్స్ రేఖ చూపించేవాళ్లను నమ్మకూడదు.

ఖర్చుల సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. బ్రోకరేజీ, ఎస్‌టీటీ వగైరాలు లెడ్జర్‌లోకి ఎక్కేసరికి చాలాచోట్ల రాత్రవుతుంది. ట్రేడ్ జరిగిన నిమిషంలోనే అంచనాగా తీసేయకపోతే, ప్రతి ఉదయమూ కారణం లేని చిన్న పతనంతో మొదలవుతుంది.

ఇక డబ్బు రాకపోకలు. ఖాతాలో కొత్తగా వేసిన డబ్బు లాభం కాదు, తీసుకున్న డబ్బు నష్టం కాదు. చెబితే ఇంత తేలిక, కానీ లైవ్ ఖాతాల్లో ఎక్కువ లెక్కలు చెడేది ఇక్కడే. భారతదేశంలో దీనికి ఒక ప్రత్యేక కారణం కూడా ఉంది. వాడకుండా పడి ఉన్న డబ్బును నెలకో మూడు నెలలకో ఒకసారి బ్రోకర్లు ఖాతాదారు బ్యాంకుకు తిప్పి పంపాలని సెబీ నిబంధన. ఖాతాదారు ఎంచుకున్న గడువును బట్టి ఇది జరుగుతుంది. అంటే ఎవరూ అడగకుండానే ఒక రోజు ఖాతాలోంచి రెండు లక్షలు బయటికి వెళ్లిపోవచ్చు. 12,20,000 ఉన్న ఖాతాలో అది 16.4 శాతం పతనంగా నమోదవుతుంది. ప్రోగ్రామ్‌కు డ్రాడౌన్ హద్దు పెట్టి, దాటితే ట్రేడింగ్ ఆపేయమని చెప్పి ఉంటే, ఆ రోజు అది ఏ నష్టమూ లేకుండానే దుకాణం మూసేస్తుంది.

దీనికి విరుగుడు మ్యూచువల్ ఫండ్లు ఎప్పటి నుంచో వాడుతున్న యూనిట్ విలువ పద్ధతే. ఖాతా మొదలైన రోజు విలువను 100 అనుకోవాలి. ఆ తర్వాత ప్రతి నమోదులోనూ కింది లైన్ చాలు.

```python
nav = nav * equity / (prev_equity + flow)
```

ఇందులో `flow` అంటే గత నమోదు తర్వాత వచ్చిన డబ్బు. బయటికి వెళ్తే రుణ గుర్తుతో రాయాలి. కొత్త డబ్బు హారంలో కలిసిపోతుంది కాబట్టి యూనిట్ విలువను కదిలించేది మార్కెట్ ఒక్కటే. డబ్బు వచ్చిన నిమిషానికే `flow` నమోదు కావాలి. సాయంత్రం ఒకేసారి రాస్తే మధ్యాహ్నమంతా రేఖ అబద్ధం చెబుతుంది.

పది రోజుల నమోదును వరసగా చూస్తే విషయం కళ్లకు కడుతుంది. పది లక్షలతో మొదలైన ఖాతా ఇది. ఆరో రోజు ఉదయం మార్కెట్ తెరవకముందు రెండు లక్షలు వేశారు. ఈక్విటీ ప్రతిరోజూ మధ్యాహ్నం 3:30కి తీసినది. అంకెలు లెక్క కోసం అనుకున్నవి.

```
day,equity,flow,nav
0,1000000,0,100.00
1,1012000,0,101.20
2,1005000,0,100.50
3,1020000,0,102.00
4,995000,0,99.50
5,989400,0,98.94
6,1195000,200000,99.41
7,1210000,0,100.65
8,1204000,0,100.15
9,1225000,0,101.90
10,1220000,0,101.49
```

డ్రాడౌన్ లెక్కకు ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి. ఇప్పటిదాకా చూసిన అత్యధిక విలువ శిఖరం. ప్రతి నమోదులోనూ శిఖరం నుంచి ఎంత దిగువన ఉన్నామో చూడాలి. ఆ దూరాల్లో అతి పెద్దదే గరిష్ఠ డ్రాడౌన్. ఫైల్ మొత్తాన్ని ఒకసారి పైనుంచి కిందికి చదివితే చాలు, వెనక్కి వెళ్లాల్సిన పని లేదు.

```python
peak = max(peak, nav)
dd = nav / peak - 1
mdd = min(mdd, dd)
```

పై పట్టికలో శిఖరం మూడో రోజు 102.00, లోయ అయిదో రోజు 98.94. తేడా శిఖరంలో సరిగ్గా 3 శాతం. అత్యధిక విలువలో నుంచి అత్యల్ప విలువ తీసేయడం దీనికి సమానం కాదన్నది గమనించాలి. శిఖరం ముందు రావాలి, లోయ తర్వాత రావాలి. మొత్తం ఫైల్లోని గరిష్ఠం, కనిష్ఠం తీసుకుని భాగించేవాళ్లు తొలి వారంలోని లోయకు ఆర్నెల్ల తర్వాతి శిఖరాన్ని ముడిపెడుతుంటారు. అలా వచ్చిన అంకెకు అర్థమే లేదు.

తొమ్మిదో రోజు వరసను దగ్గరగా చూడాలి. ఈక్విటీ 12,25,000, ఖాతా పుట్టాక అదే అత్యధికం. రూపాయలు మాత్రమే చూసే రొటీన్‌కు ఆరో రోజుకే పాత నష్టం పూడిపోయింది, ఆపైన రోజు విడిచి రోజు కొత్త శిఖరాలే. యూనిట్ విలువ మాత్రం 101.90 దగ్గర ఆగింది. మూడో రోజు నాటి 102.00ను ఇంకా అందుకోలేదు. పది రోజుల తర్వాత కూడా ఈ ఖాతా డ్రాడౌన్‌లోనే ఉంది. వేసిన రెండు లక్షలు ఆ సంగతిని కప్పేశాయి. ఎంత లోతుకు పడిందన్నదే కాదు, ఎంతకాలం పైకి రాలేదన్నది కూడా ఖాతాదారు నిద్రకు సంబంధించిన విషయమే. ఆ కాలాన్ని రూపాయల రేఖ పూర్తిగా దాచేస్తుంది.

లైవ్ నమోదులో మాత్రమే వచ్చే ఇంకో చిక్కు ఉంది. ప్రోగ్రామ్ ఆగిపోతుంది, విండోస్ అప్‌డేట్ అవుతుంది, సర్వర్ రీస్టార్ట్ అవుతుంది. `peak` అన్నది మెమరీలో మాత్రమే ఉంటే, తిరిగి లేచిన రొటీన్‌కు పాత శిఖరం తెలియదు. అప్పుడున్న విలువనే శిఖరం అనుకుంటుంది. పై ఖాతాలో అయిదో రోజు సాయంత్రం రీస్టార్ట్ జరిగిందనుకుందాం. కొత్త శిఖరం 98.94. అక్కడి నుంచి పదో రోజు దాకా అది చూసే అతి పెద్ద పతనం ఏడో రోజు నుంచి ఎనిమిదో రోజుకు, కేవలం అర శాతం. మూడు శాతం డ్రాడౌన్ ఉన్న ఖాతా అర శాతం అని చెప్పుకుంటుంది. తెర మీద డ్రాడౌన్ ఉన్నట్టుండి సున్నాకు వచ్చి, అదే సమయంలో ఈక్విటీలో పెరుగుదల ఏమీ లేకపోతే ఇదే జరిగిందని గుర్తించాలి. శిఖరాన్ని ఫైల్లో దాచుకోవడం ఒక పద్ధతి. అంతకన్నా భద్రమైనది, లేచిన ప్రతిసారీ నమోదు ఫైల్‌ను మొదటి నుంచి చదివి శిఖరాన్ని తిరిగి కట్టుకోవడం. ఏడాది నిమిషాల నమోదు లక్ష వరసలు కూడా ఉండదు, కంప్యూటర్‌కు అది క్షణం పని.

మొదటి వరస కూడా ముఖ్యమే. ట్రేడింగ్ మొదలుకాకముందు ఉన్న పెట్టుబడిని సున్నా రోజుగా రాయాలి. రాయకపోతే, తొలిరోజే నష్టం వచ్చిన ఖాతాలో ఆ నష్టం డ్రాడౌన్‌లోకి రాదు, షార్ప్‌లోకీ రాదు.

మరి ఎంత సేపటికోసారి నమోదు చేయాలి? డ్రాడౌన్ విషయంలో దీని ప్రభావం చాలామంది ఊహించేదానికన్నా ఎక్కువ. పై ఖాతా మూడో రోజు మధ్యలో 10,28,000 దాకా ఎక్కి, 10,20,000 వద్ద ముగిసిందనుకుందాం. నాలుగో రోజు మధ్యలో 9,71,460కి పడి, కొంత కోలుకుని 9,95,000 వద్ద ఆగిందనుకుందాం. రోజు చివరి విలువల ప్రకారం డ్రాడౌన్ 3 శాతం. నిమిషాల నమోదు ప్రకారం 5.5 శాతం. రెండూ నిజమే. కానీ మార్జిన్ కాల్ వచ్చేది నిమిషాల లోయలోనే, 3:30 దాకా అది ఆగదు.

నిఫ్టీ చరిత్రలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 2008 జనవరి 8న సూచీ 6287.85 దగ్గర ముగిసింది, అదే ఏడాది అక్టోబర్ 27న 2524.20 దగ్గర. ముగింపు విలువలతో లెక్కేస్తే పతనం 59.9 శాతం. అవే రెండు రోజుల్లో మధ్యలో తాకిన శిఖరం 6357.10, లోయ 2252.75. వాటితో లెక్కేస్తే 64.6 శాతం. దాదాపు అయిదు శాతం తేడా, అదీ ఒక్క షేరులో కాదు, యాభై కంపెనీల సూచీలో. అప్పు తీసుకుని పొజిషన్ మోసేవాళ్లకు ఆ తేడాలోనే ఖాతా మునిగిపోవచ్చు. నమోదు ఎంత దగ్గర దగ్గరగా ఉంటే డ్రాడౌన్ అంత పెరుగుతుంది తప్ప తగ్గదు. అందుకే ఎంత విరామంతో తీసిందో చెప్పని డ్రాడౌన్ అంకెను ఇంకొకదానితో పోల్చకూడదు.

దగ్గర నమోదుకు ఒక మూల్యం ఉంది. ప్రతి నిమిషం రాసేటప్పుడు ఎప్పుడో ఒకసారి చెడ్డ ధర వస్తుంది. లావాదేవీలు పలుచగా ఉన్న ఆప్షన్‌లో చివరి ట్రేడ్ ధర గంట క్రితంది కావచ్చు, ఫీడ్ ఒక క్షణం సున్నా పంపవచ్చు. చివరి ట్రేడ్ ధర కాకుండా, కొన్న పొజిషన్‌కు బిడ్‌నూ అమ్మిన పొజిషన్‌కు ఆస్క్‌నూ వాడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే నిజంగా మూసేయగలిగే ధరలు అవే. తప్పుడు లోయ ఒకటి వస్తే గరిష్ఠ డ్రాడౌన్ ఒక్కటే చెడుతుంది, చూడగానే అనుమానమూ వస్తుంది. తప్పుడు శిఖరం అంతకన్నా కీడు చేస్తుంది. అది ఒక్క నిమిషమే ఉన్నా `peak`లో శాశ్వతంగా నిలిచిపోతుంది, తర్వాత వచ్చే ప్రతి డ్రాడౌన్‌నూ పెంచి చూపిస్తుంది. శిఖరం పుట్టిన నిమిషానికి ముందూ వెనకా ఉన్న రెండేసి వరసలను చూడటం అలవాటు చేసుకోవాలి. నిజమైన శిఖరానికి చుట్టూ పోలిన విలువలు ఉంటాయి, తప్పుడు శిఖరం సూదిలా ఒంటరిగా నిలబడి ఉంటుంది.

షార్ప్ రేషియో దగ్గరికి వస్తే, నమోదు విరామం విషయంలో సలహా తిరగబడుతుంది. విలియం షార్ప్ 1966లో 34 మ్యూచువల్ ఫండ్లను పోలుస్తూ ఈ కొలతను ప్రతిపాదించాడు. నష్టభయం లేని పెట్టుబడి మీద వచ్చేదానికన్నా ఎంత ఎక్కువ రాబడి వచ్చింది, ఆ అదనపు రాబడి ఎంత ఊగింది, మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే ఎంత, ఇదే ఆ లెక్క. ఊగిసలాటను ప్రామాణిక విచలనంతో కొలుస్తారు. రోజువారీ రాబడులతో కట్టిన నిష్పత్తిని ఏడాదికి మార్చాలంటే ఏడాదిలోని ట్రేడింగ్ రోజుల వర్గమూలంతో గుణిస్తారు. మన ఎక్స్ఛేంజీల్లో ఏడాదికి సుమారు 250 రోజులు, దాని వర్గమూలం 15.81.

```python
d = nav.resample("D").last().dropna()
r = d.pct_change().dropna()
sharpe = (r - 0.065/250).mean() / r.std() * 250**0.5
```

ఇక్కడ నష్టభయం లేని వడ్డీని ఏడాదికి 6.5 శాతంగా అనుకున్నాం. అసలు లెక్కలో ఆ కాలానికి 91 రోజుల ట్రెజరీ బిల్లు రాబడి వాడాలి. పై పది రోజుల రాబడులను యూనిట్ విలువల నుంచి తీస్తే సగటు రోజుకు 0.155 శాతం, ప్రామాణిక విచలనం 1.312 శాతం. రోజు వడ్డీ 0.026 తీసేస్తే మిగిలేది 0.129. దాన్ని 1.312తో భాగిస్తే 0.0986. ఏడాదికి మారిస్తే 1.56.

ఇదే లెక్కను యూనిట్ విలువ లేకుండా, నేరుగా రూపాయల ఈక్విటీ మీద చేస్తే ఆరో రోజు రాబడి 20.8 శాతంగా కనబడుతుంది. సగటు రోజుకు 2.19 శాతానికి ఎగబాకుతుంది. విచలనం కూడా 6.66కు పెరుగుతుంది కానీ సగటు పెరిగినంత కాదు. ఫలితం 5.13. ఖాతాలో సొంత డబ్బు వేసుకోవడమే ఇక్కడ రాబడి అయిపోయింది. మొదట చెప్పిన 1.6కూ 5కూ మధ్య తేడా ఇదే. రోజుల రాబడులను పెద్దవి పైన వచ్చేలా పేర్చి, మొదటి అయిదింటిని ఆ రోజుల ట్రేడ్లతో సరిచూస్తే ఇలాంటిది తప్పించుకోలేదు. అయిదు నిమిషాల పని అది.

చిన్న తేడా ఒకటి తరచూ తికమక పెడుతుంది. పాండాస్‌లో `std` విచలనాన్ని n−1తో భాగించి తీస్తుంది, నంపైలో అదే పేరున్నది nతో భాగిస్తుంది. పది రోజుల నమోదులో ఈ ఒక్క తేడా వల్లనే 1.56 కాస్తా 1.64 అవుతుంది. ఏడాది నమోదులో ఇది కనబడనంత చిన్నది.

నిమిషాల నమోదు చేతిలో ఉండగా దాన్ని రోజుకు ఒకటిగా కుదించడం ఎందుకని అడగవచ్చు. ఎన్‌ఎస్‌ఈ సెషన్ ఉదయం 9:15 నుంచి 3:30 దాకా, 375 నిమిషాలు. ఏడాదికి 93,750 నిమిషాలు, వర్గమూలం 306. నిమిషాల రాబడులతో కట్టిన నిష్పత్తిని 306తో గుణిస్తే సరిపోవాలి కదా అనిపిస్తుంది. సరిపోదు. వర్గమూలపు సూత్రం నిలబడాలంటే ఒక నిమిషం రాబడికీ తర్వాతి నిమిషం రాబడికీ సంబంధం ఉండకూడదు. నిజంలో ధర బిడ్, ఆస్క్‌ల మధ్య ఎగిరి పడుతుంటుంది, ఒక నిమిషం పెరిగినది మరుసటి నిమిషం తరుగుతుంది. దీంతో నిమిషాల విచలనం ఉండాల్సినదానికన్నా పెద్దదిగా కనిపించి షార్ప్ తగ్గుతుంది. మరోపక్క ధరలు పాతబడి ఆలస్యంగా మారే ఆప్షన్లలో దీనికి పూర్తిగా విరుద్ధం. రాబడి మెల్లమెల్లగా చాలా నిమిషాల మీద పరుచుకుని విచలనం తగ్గుతుంది, షార్ప్ ఉబ్బుతుంది. పైగా 3:30 నుంచి మర్నాడు 9:15 దాకా జరిగినదంతా ఒకే నిమిషపు రాబడిగా దూరుతుంది. ఆండ్రూ లో 2002లో ఈ వర్గమూలపు మార్పిడినే పరీక్షించి, రాబడులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నప్పుడు అది తప్పుదోవ పట్టిస్తుందని చూపించాడు. కాబట్టి నమోదు నిమిషానికి ఒకసారి ఉండాలి, డ్రాడౌన్ ఆ నమోదు మీదే కట్టాలి, షార్ప్‌కు మాత్రం రోజు చివరి విలువ ఒక్కటే తీసుకోవాలి.

పొజిషన్ లేని రోజుల్లో రొటీన్ నిద్రపోతే ఇంకో రకం తప్పు వస్తుంది. 250 రోజుల్లో 100 రోజులే ట్రేడ్ చేసే పద్ధతి అనుకుందాం. మిగతా 150 రోజులకు వరసలే లేకపోతే, సగటూ విచలనమూ ఆ 100 రోజులవే అవుతాయి, గుణకం మాత్రం 250 వర్గమూలమే ఉంటుంది. ఖాళీ రోజులను సున్నా రాబడిగా చేర్చితే సగటు 0.4 వంతుకు తగ్గుతుంది, విచలనం సుమారు 0.63 వంతుకు తగ్గుతుంది, నిష్పత్తి కూడా 0.63 వంతవుతుంది. అంటే నిద్రపోయే రొటీన్ షార్ప్‌ను ఒకటిన్నర రెట్లకు పైగా పెంచి చూపిస్తుంది. ఖాళీగా ఉన్నా పెట్టుబడి ఖాతాలోనే కట్టుబడి ఉంది కాబట్టి ఆ రోజులను లెక్కలోకి తీసుకోవాల్సిందే. ఏడాది ఫైల్లో వేర్వేరు తేదీలెన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఎక్స్ఛేంజీ పనిచేసిన రోజులతో పోలిస్తే ఇది బయటపడుతుంది.

పొజిషన్ ఉండగా నమోదు ఆగిపోవడం మరోటి. ఇంటర్నెట్ పోయినప్పుడు కొన్ని రొటీన్లు వరస రాయవు, కొన్ని పాత విలువనే మళ్లీ మళ్లీ రాస్తాయి. రెండోది మరీ చెడ్డది, రేఖ ప్రశాంతంగా కనిపిస్తుంది కదా. ఆ గంటలో మార్కెట్ పడి లేచి ఉంటే ఆ లోయ ఎక్కడా ఉండదు. పొజిషన్ తెరిచి ఉన్నప్పుడు పైసాతో సహా ఒకే విలువ వరసగా అయిదారు నిమిషాలు రావడం మామూలుగా జరగదు. అలాంటి చోట్లను ప్రోగ్రామ్‌తోనే వెతికించి, కనెక్షన్ లేదని ఆ వరసల పక్కన గుర్తు పెట్టించాలి. ఖాళీని అంచనా విలువలతో పూడ్చడం మాత్రం చేయకూడదు.

రెండు కొలతలూ ఒకదానికొకటి బదులు కావు. షార్ప్‌కు వరస పట్టదు. పై పది రాబడులను ఎలా కలిపి పేర్చినా అది 1.56గానే ఉంటుంది. నష్టం వచ్చిన అయిదు రోజులూ ఒకదాని వెంట ఒకటి వచ్చి ఉంటే డ్రాడౌన్ మాత్రం 3 శాతం కాదు, 4.5 శాతం అయ్యేది. ఎంత అనుకూలంగా పేర్చినా 2.45 శాతానికి తగ్గదు, నాలుగో రోజు ఒక్కటే అంత నష్టం తెచ్చింది కాబట్టి. నమోదైన డ్రాడౌన్ అనేది సాధ్యమైన అనేక వరసల్లో జరిగిన ఒకే ఒక్క వరస ఫలితం. అదే రాబడులను కొన్ని వేలసార్లు కలిపి, ప్రతిసారీ డ్రాడౌన్ కడితే ఆ పద్ధతి ఎంత లోతుకు తీసుకుపోగలదో నమోదైన ఒక్క అంకెకన్నా బాగా తెలుస్తుంది. నష్టాలు గుంపుగా వచ్చే పద్ధతుల్లో ఒక్కో రోజును కాక, వారం వారాన్ని విడదీయకుండా కలపడం మేలు.

డ్రాడౌన్‌కు ఇంకో గుణం ఉంది. కాలం గడిచేకొద్దీ అది పెరగగలదు గానీ ఎన్నటికీ తగ్గదు. మూడు నెలల ఖాతా 4 శాతాన్నీ మూడేళ్ల ఖాతా 11 శాతాన్నీ పక్కపక్కన పెట్టి మొదటిదే భద్రమని చెప్పడం తప్పు. రెండోదానిలోనూ తొలి మూడు నెలలు తీసుకుని అప్పుడు పోల్చాలి.

షార్ప్ కాలంతో అలా పెరగదు, కానీ తక్కువ కాలంలో దానికి స్థిరత్వం ఉండదు. ఎంత అస్థిరమో లెక్కించే సూత్రం ఒకటి పైన చెప్పిన లో వ్యాసంలో ఉంది. రోజుల రాబడులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుంటే, రోజువారీ షార్ప్ అంచనాలో ప్రామాణిక దోషం సుమారుగా ఇంత:

```
SE = sqrt((1 + SR**2 / 2) / T)
```

ఇందులో `SR` రోజువారీ షార్ప్, `T` రోజుల సంఖ్య. పది రోజుల ఖాతాకు ఇది 0.317, ఏడాది లెక్కలో 5.0. అంటే 1.56 అన్న ఫలితానికి అటూ ఇటూ అయిదేసి. ఆ ఖాతా గురించి పది రోజుల షార్ప్ ఏమీ చెప్పలేదు, లెక్క ఎలా కడతారో చూపడానికే అది పనికొచ్చింది. 250 రోజులు నమోదయ్యాక కూడా దోషం 1 దగ్గర ఉంటుంది. ఏడాది లైవ్‌లో 2 వచ్చిన పద్ధతి అసలు విలువ సున్నా నుంచి 4 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. దోషాన్ని సగానికి, అంటే 0.5కు తేవాలంటే 1,000 రోజుల నమోదు, సుమారు నాలుగేళ్లు పడుతుంది. నిమిషాల వరసలు లక్షల్లో ఉన్నాయని ఈ దోషం తగ్గదు, సగటు రాబడిని స్థిరపరిచేది గడిచిన కాలమే.

కాబట్టి షార్ప్ రాసినప్పుడల్లా దాని పక్కనే రోజుల సంఖ్యనూ ప్రామాణిక దోషాన్నీ రాయండి. డ్రాడౌన్ రాసినప్పుడల్లా నమోదు విరామాన్నీ, శిఖరం, లోయల తేదీలనూ రాయండి. ఏడాది నమోదుతో ఒక పద్ధతికి 1.5, మరోదానికి 1.8 వస్తే, వాటిలో ఏది మేలో ఆ అంకెలు తేల్చలేవు.